రొయ్యల చెరువుకు ఏ వేళ గండం?

రొయ్యల చెరువు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది ఏ వేళలో? ఎండ మండే మధ్యాహ్నం 2 గంటలకా, పొద్దు వాలే 6 గంటలకా, అర్ధరాత్రి 12 గంటలకా, తెల్లవారుజామున 5 గంటలకా? పశ్చిమ గోదావరిలోనో కృష్ణా జిల్లాలోనో చెరువు గట్టు మీద రాత్రిళ్లు కాపలా పడుకున్నవారికి ఇది ప్రశ్నే కాదు. మిగిలినవారు ఏదో ఒక జవాబు అనుకుని మనసులో ఉంచుకోండి. అసలు జవాబు కాసేపాగి చెబుతాను.

ఈలోగా ఒక గదిలోకి వెళ్దాం. భీమవరం పక్క ఊరికి చెందిన ఇద్దరు కుర్ర ఇంజనీర్లు ఒక పరికరం తయారుచేశారనుకుందాం. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అది రాత్రింబవళ్లు కొలుస్తూ ఉంటుంది. ప్రమాదపు గీత దగ్గరకు రాగానే రైతు ఫోన్ మోగుతుంది, ఏరేటర్లు తిరగడం మొదలవుతుంది. పెట్టుబడి కోసం ఆ ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు. ఎదురుగా ఐదుగురు కూర్చున్నారు. వాళ్లు ఇచ్చిన సమయం 10 నిమిషాలు.

పీపీటీ తెరుచుకుంది. మొదటి స్లైడ్‌లో కంపెనీ పేరు, లోగో. రెండో స్లైడ్‌లో అజెండా: మా గురించి, మా బృందం, సమస్య, పరిష్కారం, మార్కెట్, ఆదాయం, ప్రశ్నలు. మూడో స్లైడ్‌లో ‘మా ప్రస్థానం’ అంటూ ఒక గీత, దాని మీద చుక్కలు: ఏ ఏడాది రిజిస్టర్ చేశారు, ఏ ఏడాది ఆఫీసు తీసుకున్నారు, ఏ పోటీలో బహుమతి వచ్చింది. నాలుగో స్లైడ్‌లో విజన్, మిషన్. ఐదో స్లైడ్‌లో బృందం ఫొటోలు. ఆరో స్లైడ్‌లో సర్టిఫికెట్లు. రొయ్య అన్న మాట మొదటిసారి వినపడింది ఏడో స్లైడ్‌లో. అప్పటికి 4 నిమిషాలు అయిపోయాయి. ఐదుగురిలో ఇద్దరు ఫోన్లలోకి వెళ్లిపోయారు. ఒకాయన మర్యాదకు తలాడిస్తున్నాడు. అసలు సంగతి మొదలైనప్పుడు వినడానికి మిగిలింది ఆ తలాడించేవాళ్లే.

ఇలాంటి గదుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను, వినేవాళ్ల వైపే. ఆ మొదటి 4 నిమిషాల్లో చెప్పినదాంట్లో అబద్ధం ఉండదు, అనవసరం కూడా ఉండదు. చిక్కంతా అది వచ్చిన చోటులోనే ఉంది. కంపెనీ చరిత్ర ఒక ప్రశ్నకు జవాబు: ‘ఈ పని మీరు చేయగలరని నేనెందుకు నమ్మాలి?’ ఆ ప్రశ్న వినేవాడి మనసులో పుట్టాలంటే ముందు ఆ పని ఏమిటో, ఎందుకు చేయాలో అతనికి తెలియాలి. అడగని ప్రశ్నకు చెప్పిన జవాబు చెవిలో నిలవదు. అజెండా సంగతీ అంతే. వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోని ప్రయాణానికి దారిలో వచ్చే స్టేషన్ల పేర్లు చదివి వినిపించడం లాంటిది అది.

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆఫీసు నివేదికల నుంచి కొంత వచ్చింది. నివేదికలో ముందు సంస్థ పరిచయం, తర్వాత విషయసూచిక ఉంటాయి. చదివేవాడు వాటిని ఒక్క క్షణంలో తిప్పేసి కావలసిన పేజీకి వెళ్లిపోతాడు. గదిలో కూర్చుని వినేవాడికి పేజీ తిప్పే వీలు లేదు. మనం ఎంతసేపు ఉంచితే అతను ఆ స్లైడ్ ముందు అంతసేపూ ఉండాల్సిందే. ఇంకొంత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. 1987లో మొదటిసారి వచ్చిన పవర్‌పాయింట్‌లో 1990ల నడుమ ఆటోకంటెంట్ విజార్డ్ అనే సదుపాయం చేర్చారు. ఖాళీ తెర చూసి ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్ల కోసం, ఏ సందర్భానికి ఏ స్లైడ్ తర్వాత ఏ స్లైడ్ రావాలో అదే అమర్చి ఇచ్చేది. 2007 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ముందే సిద్ధంగా ఉన్న చట్రంలో పేర్లు నింపే పద్ధతి మాత్రం పోలేదు. ఒకరి పీపీటీ మరొకరు తీసుకుని లోగో మార్చుకుంటూ దాన్ని నేటిదాకా మోసుకొస్తున్నారు.

మరి ప్రశ్నతో మొదలుపెడితే ఏం మారుతుంది? 1994లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ లోవెన్‌స్టైన్ కుతూహలం గురించి ఒక వివరణ ఇచ్చారు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ నడుమ ఒక ఖాళీ ఉందని గమనించిన క్షణంలో కుతూహలం పుడుతుందని ఆయన అన్నారు. ఆ ఖాళీ దురదలాంటిది, నిండేదాకా ఊరుకోనివ్వదు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన మెలిక ఒకటుంది. విషయం గురించి బొత్తిగా ఏమీ తెలియనివాడికి ఆ ఖాళీ కనపడదు, అంతా తెలిసినవాడికి ఖాళీయే లేదు. కొంత తెలిసి, తనకు తెలుసనుకుని, ఎక్కడో తప్పుతున్నవాడికే దురద పుడుతుంది. మంచి మొదటి ప్రశ్న వెతుక్కునేది ఈ మనిషినే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జరిగిన ఒక ప్రయోగం 2014లో వెలువడింది. మాథియాస్ గ్రూబర్ బృందం కొందరికి క్విజ్ ప్రశ్నలు చూపించి, ఒక్కోదానికి జవాబు తెలుసుకోవాలని ఎంత ఉందో ముందుగా అడిగింది. ప్రశ్న వేశాక జవాబు వెంటనే చూపలేదు. 14 సెకన్లు ఆపి, ఆ మధ్యలో ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ఒక మనిషి ముఖాన్ని చూపించారు. తర్వాత పరీక్షిస్తే, బాగా కుతూహలం కలిగించిన ప్రశ్నల జవాబులు ఎక్కువ గుర్తున్నాయి. అది ఊహించదగ్గదే. ఆ ఎదురుచూపులో కనబడిన ముఖాలు కూడా మిగతావాటికంటే కొంత మెరుగ్గా గుర్తున్నాయి. ప్రయోగశాల ఫలితాన్ని నేరుగా మీటింగ్ గదికి అన్వయించలేం. అయినా ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఉండే ఆ కొద్ది సమయానికి విలువ ఉందన్న సంగతి మాత్రం దీనివల్ల తెలుస్తుంది. చందమామ బేతాళ కథలు చదివి పెరిగినవారికి ఇది కొత్త కాదు. శవంలోని బేతాళుడు ప్రశ్న వేశాడంటే విక్రమార్కుడి జవాబు చదవకుండా పుస్తకం మూసినవారెవరూ ఉండరు.

ఈ పద్ధతిని స్లైడ్‌లతో చేసి చూపినవారిలో నాకు బాగా నచ్చినవాడు స్వీడన్‌కు చెందిన వైద్యుడు హాన్స్ రోస్లింగ్. 2006లో ఆయన టెడ్ వేదిక మీద ప్రపంచ దేశాల ఆరోగ్య గణాంకాల గురించి మాట్లాడారు. విషయం పేరు వింటేనే నిద్ర వస్తుంది. ఆయన తన సంస్థ చరిత్రతో మొదలుపెట్టలేదు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో తన విద్యార్థులకు తాను పెట్టిన ఒక చిన్న పరీక్షతో మొదలుపెట్టారు. ఐదు జతల దేశాలు ఇచ్చి, ఒక్కో జతలో పసిపిల్లల మరణాలు ఏ దేశంలో ఎక్కువో చెప్పమన్నారు. శ్రీలంకా, టర్కీనా? పోలండా, దక్షిణ కొరియానా? ప్రతి జతలో ఒక దేశపు రేటు రెండోదానికి రెట్టింపు. ఆ విద్యార్థులకు సగటున ఐదింటికి 1.8 మాత్రమే ఒప్పయ్యాయి. కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా రెండున్నర రావాలి. చింపాంజీలకు అరటిపళ్ల మీద దేశాల పేర్లు రాసి ఇచ్చినా మా విద్యార్థులకంటే నయమేనన్నారాయన. ఆ మీదట ప్రొఫెసర్లకూ అదే పరీక్ష పెడితే వాళ్లు చింపాంజీలతో సమానంగా నిలిచారు.

దీంట్లో ఆయన చేసిన ఒక పని చాలామంది గమనించరు. ఎదురుగా ఉన్న సభను ఆయన పరీక్షించలేదు. వేరెవరో తప్పిన కథ చెప్పారు. వింటున్నవాళ్లు లోలోపల తామూ జవాబు అనుకున్నారు, తామూ తప్పారు, ఎవరికీ తెలియకుండా నవ్వుకున్నారు. శ్రీలంక కంటే టర్కీలోనే మరణాలు ఎక్కువని తెలిశాక, ధనిక దేశం పేద దేశం అన్న తమ లెక్క ఎక్కడ తప్పిందో చూడాలని వాళ్లకే అనిపించింది. తర్వాత వచ్చిన గ్రాఫులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబులే.

ఇక మన చెరువు దగ్గరకు వద్దాం. జవాబు: తెల్లవారుజాము.

చాలామంది మధ్యాహ్నం అనుకుంటారు, దానికి కారణమూ ఉంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుందని బడిలో చదివి ఉంటారు. అది నిజమే. చెరువులో మాత్రం అంతకంటే పెద్ద పని మరొకటి జరుగుతోంది. నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే సూక్ష్మమైన నాచు ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ తయారుచేస్తుంది. అందుకే చెరువులో ఆక్సిజన్ సాధారణంగా మధ్యాహ్నం దాటాకే ఎక్కువగా ఉంటుంది. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు. రొయ్యలు, అడుగున మిగిలిన మేతను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ఆ నాచు కూడా రాత్రంతా దాన్ని పీలుస్తూనే ఉంటాయి. అలా తరుగుతూ తరుగుతూ సూర్యుడు రావడానికి కాస్త ముందు అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే కిందికి దిగిందంటే రొయ్యలకు కష్టకాలం. అవి పైకి తేలి గట్టు వారకు వచ్చేస్తాయి. మబ్బు పట్టిన రోజు మర్నాడు గండం మరీ ఎక్కువ, పగలు తయారైందే తక్కువ కాబట్టి.

ఇప్పుడు ఆ ఇద్దరు ఇంజనీర్ల పీపీటీని తిరగరాద్దాం. మొదటి స్లైడ్‌లో ఆ ప్రశ్న, నాలుగు వేళలు, ఇంకేమీ వద్దు. లోగో ఓ మూలన చిన్నగా ఉంటే చాలు. రెండో స్లైడ్‌లో ఒకే ఒక్క గీత: 24 గంటల్లో ఒక చెరువు ఆక్సిజన్ ఎలా పెరిగి ఎలా తగ్గిందో. తెల్లవారుజాము దగ్గర ఆ గీత 3 కిందికి దిగిన చోట ఒక ఎర్ర చుక్క. మూడో స్లైడ్‌లో ఆ వేళ గట్టు మీద ఏం జరుగుతోందో ఒక ఫొటో: పాకలో నులకమంచం, దాని మీద నిద్రపోతున్న మనిషి. చెరువుకు అందరికంటే మనిషి అవసరమైన వేళ, మనిషికి నిద్ర ఆగని వేళ ఒకటే. ఈ మాట చెప్పాక పరికరాన్ని పరిచయం చేయడానికి వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు. నాలుగో స్లైడ్‌లో పరికరం. ఐదో స్లైడ్‌లో ఎన్ని చెరువుల్లో పెట్టి చూశారో, ఏ రాత్రి ఎన్నిసార్లు హెచ్చరించిందో, ఎన్నిసార్లు పొరపాటుగా మోగిందో. ఆరో స్లైడ్‌లో వాళ్ల చరిత్ర. అక్కడికి వచ్చేసరికి ‘ఇది మీకెలా తెలుసు, మీరెవరు?’ అని వినేవాళ్లే అడగబోతుంటారు. అదే చరిత్ర, అవే ఫొటోలు, ఇప్పుడు వాటికోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

చరిత్రను పక్కకు జరపమన్నానే గానీ పారేయమనలేదు. చాలాసార్లు మొదటి ప్రశ్న దొరికేది దాంట్లోనే. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏదో ఒక బస్సులో సీటు ఖాళీగా ఉండే ఉంటుంది, అది ఏ బస్సో చెప్పగలిగినవాడు ఊరంతటిలో లేడు. మర్నాటి ఏడాది మిత్రులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు. ఆ కంపెనీ గురించి ఎవరైనా స్లైడ్‌లు చేస్తే ‘స్థాపన 2006’ అన్న చుక్క కంటే ఆ పండగపూట ఖాళీ సీటు ఎక్కడుందన్న ప్రశ్నే ముందుండాలని నేనంటాను. మీ సంస్థ రిజిస్టరైన తేదీని వదిలేసి, మీరు మొదటిసారి ఆశ్చర్యపోయిన రోజును వెతకండి.

ఇక్కడ పెద్ద జాగ్రత్త ఒకటుంది. అదే పరికరాన్ని అమ్మడానికి ఆ ఇద్దరూ వచ్చేవారం ఊళ్లో రొయ్యల రైతుల ముందు నిలబడ్డారనుకోండి. హైదరాబాద్‌లో పనిచేసిన ప్రశ్నను అక్కడ వేస్తే, “ఏం బాబూ, మా చెరువు సంగతి మాకే చెబుతున్నావా?” అని లేచిపోతారు. వాళ్లకు డీవో ఎప్పుడు పడిపోతుందో వెన్నతో పెట్టిన విద్య. ఆశ్చర్యం విషయంలో ఉండదు, వినేవాడికి తెలిసినదానికీ మన విషయానికీ మధ్య దూరంలో ఉంటుంది. రైతులకు వేయాల్సిన ప్రశ్న వేరు: ‘నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచి గట్టు మీదికి వెళ్లారు? వాటిలో ఎన్నిసార్లు నిజంగా అవసరం పడింది?’ దీనికి వాళ్ల దగ్గర మొదటి సగానికే జవాబు ఉంది. రెండో సగానికి కొలిచి చూపిన అంకె ఇంజనీర్ల దగ్గర ఉంది. పీపీటీ అక్కడి నుంచి నడవాలి.

కాబట్టి ప్రశ్న ఎంచుకున్నాక దాన్ని పరీక్షించాలి. మీరు కలవబోయేవారిలాంటి ఐదుగురిని పట్టుకుని అడగండి. ఐదుగురూ ఒప్పు చెబితే ఆ ప్రశ్న పనికిరాదు. ఐదుగురూ ‘ఏమో’ అన్నా పనికిరాదు, అది వాళ్ల ప్రపంచంలోది కాదు. వాళ్లు నమ్మకంగా జవాబు చెప్పి, ఎక్కువమంది తప్పి, నిజం విని ‘అదెలా?’ అంటే అది మీ మొదటి స్లైడ్. ఆ ‘అదెలా’కు మీ మిగతా స్లైడ్‌లే జవాబు కావాలి. చెరువు గురించి అడిగి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మితే, వినేవాడికి తనను ఎవరో మోసగించినట్టు ఉంటుంది.

ప్రశ్న అడిగాక ఆగడం అన్నిటికంటే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదులను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని చూపారు. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వచ్చాయి. వేదిక మీద 3 సెకన్లు 3 నిమిషాల్లా తోస్తాయి. అందుకే చాలామంది ప్రశ్న వేసి, ఊపిరి తీయకుండా జవాబూ చెప్పేస్తారు. జవాబును అదే స్లైడ్‌లో కింద రాసేవాళ్లూ ఉన్నారు. అప్పుడిక అది ప్రశ్న కాదు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని అప్పుడు స్లైడ్ మార్చండి.

ప్రశ్నకు బదులు ఆశ్చర్యపరిచే వాస్తవంతో మొదలుపెట్టేవారు ఇంకో ప్రమాదంలో పడతారు. మనిషి ఏకాగ్రత 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్ కంటే తక్కువ అన్న వాక్యంతో మొదలైన పీపీటీలు మీరూ చూసే ఉంటారు. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం ఒక నివేదికలో వాడాక అది ఊరూరా తిరిగింది. మూలం వెతుకుతూ వెళ్లిన విలేకరులకు దాని వెనుక పరిశోధన ఏదీ దొరకలేదు. చేపలు కూడా నేర్చుకున్నది చాలాకాలం గుర్తుంచుకోగలవని ప్రయోగాలు చూపాయి. మొదటి స్లైడ్‌లోని అంకె తప్పని తెలిసినవాడు గదిలో ఒక్కడున్నా మిగతా స్లైడ్‌ల మీది అంకెలన్నీ అతని కళ్లకు అనుమానంగానే కనిపిస్తాయి. ఎక్కడి నుంచి వచ్చిందో మీరు ఒక్క వాక్యంలో చెప్పలేని అంకెను ముందు పెట్టవద్దు. మీరే కొలిచినదైతే మరీ మంచిది. జవాబు ముందే ఖాయమైన ప్రశ్నలూ ఇంతే చెరుపు. ‘మీ లాభాలు పెరగాలని ఉందా?’ అంటే ఉందనక ఎవరు కాదంటారు? అది ఖాళీని తెరవదు, అమ్మకం మొదలైందని చెబుతుంది.

మన ఊళ్లలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. గదిలో కలెక్టర్ గారో, సంస్థ చైర్మనో ఉండి, పక్కన వాళ్ల కింది ఉద్యోగులున్నప్పుడు “సార్, మీరు చెప్పండి” అని ప్రశ్న వేయడం వారిని పదిమందిలో పరీక్షకు కూర్చోబెట్టడమే. తప్పు చెబితే ఆయనకు చిన్నతనం, ఆ చిన్నతనం తిరిగి మీ మీదికే వస్తుంది. అక్కడ రోస్లింగ్ పద్ధతి పనికొస్తుంది. “దీన్ని నలుగురు బ్యాంకు అధికారులను అడిగాం, ముగ్గురు మధ్యాహ్నం అన్నారు, మొదట మేమూ అదే అనుకున్నాం” అని చెప్పండి. అది నిజంగా అడిగి ఉండాలి.

ప్రశ్న వేయకూడని గదులూ ఉన్నాయి. ప్రభుత్వ టెండర్లలో కంపెనీ అనుభవానికి, టర్నోవర్‌కు విడిగా మార్కులుంటాయి. అక్కడ కూర్చున్నవారి చేతిలో మార్కుల పట్టిక ఉంటుంది, దాని వరుసలోనే మీ స్లైడ్‌లూ ఉండాలి. మూడు నాలుగు నిర్ణయాలు తీసుకోవలసిన రెండు గంటల బోర్డు సమావేశానికి అజెండా కావాల్సిందే. ప్రమాదం జరిగింది, నష్టం వచ్చింది అని చెప్పాల్సిన రోజు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి, ఊరించడం అమానుషం. మెయిల్‌లో పంపి ఎవరో ఒంటరిగా చదువుకునే పీపీటీలో ప్రశ్న ఒక్కటీ వేలాడుతూ ఉండకూడదు. అక్కడ ‘రొయ్యల చెరువుకు గండం తెల్లవారుజామున’ అని జవాబునే శీర్షికగా పెట్టండి. చదివేవాడికి ఆశ్చర్యం చాలు, ఆగే ఓపిక ఉండదు.

మీ దగ్గర ఇప్పుడు సిద్ధంగా ఉన్న పీపీటీ ఏదైనా ఉంటే ఈ రాత్రి ఒకసారి తెరవండి. వినేవారికి తెలియని మొదటి సంగతి ఎన్నో స్లైడ్‌లో వస్తోందో లెక్కపెట్టండి. ఏడోదైతే, దాన్ని పట్టుకుని మొదటి చోటికి లాగండి. మిగతా ఆరూ దాని వెనక నిలబడనివ్వండి.